మైనస్ 60 డిగ్రీల దగ్గర ఒక సెకను

సైకిల్ ట్యూబులు చేసే బ్యూటైల్ రబ్బరుతో ఒక బంతి చేసి గచ్చు మీద వదిలితే అది సరిగా ఎగరదు. మామూలు సహజ రబ్బరు బంతి నడుము దాకా లేచే చోట ఇది చీలమండ దగ్గరే ఆగిపోతుంది. అదే బ్యూటైల్ బంతిని సలసల కాగే నీళ్లలో కాసేపు ఉంచి తీసి వదిలి చూడండి, చక్కగా ఎగురుతుంది. రబ్బరు మారలేదు, అణువులు మారలేదు, బంతి ఆకారమూ మారలేదు. మారింది వేడి ఒక్కటే.

బంతి నేలను తాకి ఉండేది కొన్ని మిల్లీసెకన్లే. ఆ కాసేపట్లో రబ్బరు నొక్కుకుని తిరిగి విచ్చుకోవాలి. దాని లోపలి పొడవాటి గొలుసు అణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సర్దుకోవాలి. మామూలు గది వేడిలో ఆ సర్దుబాటుకు మిల్లీసెకన్లు చాలవు. అందుకని బంతికి అందిన శక్తిలో ఎక్కువ భాగం లోపలి ఒరిపిడిలోనే వేడిగా కరిగిపోతుంది. వేడి చేస్తే గొలుసులు చురుగ్గా కదులుతాయి, అవే మిల్లీసెకన్లు వాటికి సరిపోతాయి. కాబట్టి రబ్బరును వేడి చేయడమూ, దానికి ఎక్కువ వ్యవధి ఇవ్వడమూ ఒకే ఫలితాన్నిస్తాయి. పాలిమర్ శాస్త్రంలో దీన్ని కాలం–ఉష్ణోగ్రతల సమానత్వం అంటారు. దీని మీద ఆధారపడి పాలిమర్ శాస్త్రజ్ఞులు ఒక పెద్ద పని చేస్తారు. ఏ యంత్రమూ కొలవలేనంత తక్కువ వ్యవధిలోనూ, ఎవరూ కూర్చుని చూడలేనంత ఎక్కువ వ్యవధిలోనూ ఒక పదార్థం ఎంత గట్టిగా ఉంటుందో ఒకే గీతలో చూపిస్తారు. ఆ గీత పేరు మాస్టర్ కర్వ్.

దాన్ని కట్టే పద్ధతిని చెప్పాలంటే బ్యూటైల్ రబ్బరుకు మూలమైన పాలీఐసోబ్యూటిలీన్‌ను తీసుకోవడమే మంచిది. బ్యూటైల్ అంటే పాలీఐసోబ్యూటిలీన్‌కు కాస్త ఐసోప్రీన్ చేర్చినదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ ఒకే రకం పాలీఐసోబ్యూటిలీన్ నమూనాలను వేర్వేరు ప్రయోగశాలలకు పంచింది. ఒక్కో ప్రయోగశాల తన దగ్గరున్న పరికరంతో, తనకు వీలైన వేడి పరిధిలో దాన్ని కొలిచింది. ప్రిన్స్‌టన్‌లో టొబోల్‌స్కీ బృందం మైనస్ 80 డిగ్రీల చుట్టుపక్కల మొదలుపెట్టి ప్లస్ 50 డిగ్రీల దాకా వెళ్లింది. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపించే మాస్టర్ కర్వ్ బొమ్మ 1950ల నాటి ఆ కొలతల్లోంచి వచ్చిందే.

వాళ్లు చేసింది వినడానికి సులువే. ఒక రబ్బరు పట్టీని కొద్దిగా సాగదీసి అలాగే పట్టి ఉంచుతారు. సాగినతనం మారదు, కానీ అందులోని బిగువు కాలం గడిచే కొద్దీ సడలుతుంది. ఏ క్షణానికా క్షణం ఉన్న బిగువును సాగినతనంతో భాగిస్తే ఆ క్షణపు మాడ్యులస్ వస్తుంది. పట్టీ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత అది. దాన్ని కొన్ని సెకన్ల నుంచి కొన్ని గంటల దాకా చూస్తారు. తర్వాత వేడిని 5 లేదా 10 డిగ్రీలు మార్చి, పట్టీ ఆ వేడికి పూర్తిగా చేరేదాకా ఆగి, మళ్లీ అదే కొలత తీస్తారు. ఇప్పటి యంత్రాల్లో పట్టీని లాగి వదిలేయడానికి బదులు సెకనుకు 0.1 నుంచి 100 సార్ల దాకా మెల్లగా ఊపుతూ కొలవడమే ఎక్కువ. ఎలా కొలిచినా ఒక్కో వేడి దగ్గర దొరికేది మూడు నాలుగు డెకేడ్ల ముక్క మాత్రమే. డెకేడ్ అంటే పదింతల మెట్టు: 1 సెకను నుంచి 10 సెకన్లు ఒక డెకేడ్, 10 నుంచి 100 ఇంకొకటి.

ఈ ముక్కలన్నిటినీ ఒకే కాగితం మీద గీస్తే చెల్లాచెదురుగా కనిపిస్తాయి. మైనస్ 80 దగ్గర తీసినది అన్నిటికన్నా పైన, దాదాపు అడ్డంగా పడి ఉంటుంది. అక్కడ పాలీఐసోబ్యూటిలీన్ గాజులాంటిది, దాని మాడ్యులస్ వంద కోట్ల పాస్కల్‌లను మించుతుంది. మైనస్ 60, 50 దగ్గర తీసినవి నిటారుగా కిందికి జారుతాయి. గది వేడికి దగ్గరవుతుంటే గీత మళ్లీ చదునవుతుంది. ఈ సారి ఎత్తు కొన్ని లక్షల పాస్కల్‌లే, అంటే గాజు దశలో ఉన్నదానికి సుమారు పది వేల వంతు తక్కువ. కాలం అక్షం లాగ్ స్కేలులో ఉంటుంది, అంటే దాని మీద ప్రతి పదింతలకూ ఒకే దూరం.

ఇప్పుడు 25 డిగ్రీల ముక్కను ఆధారంగా కదలకుండా ఉంచి, దాని పక్క వేడి దగ్గర తీసిన ముక్కను ఎడమకో కుడికో జరిపి చూస్తారు. ఒక చోటికి రాగానే రెండు ముక్కల చివర్లు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అలా ఒక్కోదాన్నీ అతికించుకుంటూ పోతే మూడు నాలుగు డెకేడ్ల ముక్కలన్నీ కలిసి పన్నెండు, పదిహేను డెకేడ్ల ఏకగీత అవుతాయి. చల్లటి ముక్కలు ఎడమవైపు, అంటే అతి తక్కువ వ్యవధుల వైపు వెళ్తాయి. వెచ్చటి ముక్కలు కుడివైపు, దీర్ఘకాలం వైపు వెళ్తాయి. ఒక్కో ముక్కను ఎంత జరపాల్సి వచ్చిందో చెప్పే సంఖ్యే షిఫ్ట్ ఫ్యాక్టర్. దాన్ని aT అని రాస్తారు.

పక్కకు జరపడమే ఎందుకు? పైకీ కిందికీ లాగి సాగదీయకూడదా? జవాబు లాగ్ స్కేలులోనే ఉంది. లాగ్ స్కేలు మీద పక్కకు జరపడమంటే కాలాన్ని ఒక సంఖ్యతో గుణించడమే. వేడి పెరిగితే గొలుసులోని ప్రతి చిన్న కదలికా ఒకే నిష్పత్తిలో వేగం పుంజుకుంటుంది అనుకుందాం. అప్పుడు వక్రరేఖ ఆకారం ఏమీ మారదు, మొత్తంగా పక్కకు జరుగుతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే: వర్ణాన్ని ఒకటో కాలంలో పాడి, రెండో కాలంలో పాడితే స్వరాల వరుస మారదు, ప్రతి స్వరం వ్యవధీ సగం అవుతుంది అంతే. పాలిమర్‌లోనూ చిన్న ముక్క కదలిక, గొలుసు మొత్తం జారే కదలిక అని రకరకాల స్వరాలుంటాయి. వాటన్నిటికీ కాలప్రమాణం ఒకే ఒక్క లోపలి ఒరిపిడి నుంచి వస్తే, వేడి మార్చినప్పుడు అన్నీ కలిసే మారతాయి. ఏదో ఒక స్వరం మాత్రం తన పాత వ్యవధిలోనే ఉండిపోతే పాట పొంతన తప్పుతుంది, మాస్టర్ కర్వూ అంతే. ఈ సందర్భం ముందు వస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. విస్కాన్సిన్‌లో జాన్ ఫెర్రీ, ఆయనతో కలిసి మాల్కమ్ విలియమ్స్, రాబర్ట్ ల్యాండెల్ 1955లో ఒక చిన్న సూత్రం ప్రకటించారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని డబ్ల్యూఎల్‌ఎఫ్ సూత్రం అంటారు. పాలీఐసోబ్యూటిలీన్‌కు 25 డిగ్రీలు, అంటే 298 కెల్విన్లు ఆధారంగా తీసుకుంటే అది ఇలా ఉంటుంది:

log aT = −8.61 (T − 298) / (200.4 + T − 298)

మైనస్ 60 డిగ్రీలు ఆధారం కన్నా 85 డిగ్రీలు కింద. సూత్రంలో పెడితే log aT సుమారు 6.3 వస్తుంది. అంటే 25 డిగ్రీల దగ్గర జరిగేదంతా మైనస్ 60 దగ్గర ఇరవై లక్షల రెట్లకు పైగా నెమ్మదిగా జరుగుతుంది. దీన్ని తిప్పి చదవండి: మైనస్ 60 దగ్గర 1 సెకను తర్వాత తీసిన కొలత, 25 డిగ్రీల దగ్గర సుమారు అర మైక్రోసెకను తర్వాత ఉండే గట్టిదనాన్ని చెబుతుంది. అర మైక్రోసెకనులో ఒక రబ్బరు పట్టీని లాగి, దాని బిగువు కొలిచే పరికరం తయారుచేయడం ఎంత కష్టమో ఊహించండి. దాని బదులు పట్టీని చల్లబరిచి, గడియారం వంక తీరిగ్గా చూస్తే చాలు.

వేడి చేసే దిక్కులో మాత్రం ఇంత లాభం లేదు. 50 డిగ్రీల దగ్గర log aT మైనస్ 0.96 మాత్రమే. అక్కడ 1 గంట కొలిస్తే 25 డిగ్రీల దగ్గర 9 గంటల సంగతి తెలుస్తుంది. 100 డిగ్రీలకు వెళ్లినా 220 రెట్లే, అంటే గంటకు 9 రోజులు. చల్లబరిస్తే 85 డిగ్రీలకు ఆరు డెకేడ్లు దొరికాయి, వేడి చేస్తే 75 డిగ్రీలకు రెండున్నర కూడా రాలేదు. చల్లబడే కొద్దీ గొలుసుల మధ్య ఖాళీ తగ్గి కదలిక వేగంగా బిగుసుకుంటుంది, గాజు దశకు దగ్గరవుతుంటే ఆ బిగింపు మరీ తీవ్రమవుతుంది. ‘వేడి చేసి నాలుగు రోజులు పరీక్షించి యాభై ఏళ్ల జీవితకాలం చెప్పేయొచ్చు’ అనుకునేవాళ్లు ఈ వంకర లెక్కను ముందుగా చూసుకోవాలి.

బంతి సంగతీ ఈ లెక్కకు సరిపోతుంది. 100 డిగ్రీల దగ్గర బంతి నేలను తాకిన 5 మిల్లీసెకన్లు, 25 డిగ్రీల లెక్కలో ఒక సెకనుకు సమానం. గది వేడిలో బంతిని చేత్తో ఒక సెకను పాటు మెల్లగా నొక్కి వదిలితే ఎంత శుభ్రంగా విచ్చుకుంటుందో, కాగిన బంతి అంత శుభ్రంగానే విచ్చుకుని ఎగురుతోంది. బ్యూటైల్‌లో కాస్త వేరే పదార్థం ఉంది కనుక ఈ లెక్క అంచనాయే, కానీ దిశా పరిమాణమూ అవే.

టైర్లు తయారుచేసేవాళ్లు ఈ సమానత్వాన్ని రోజూ వాడుతుంటారు. తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు టైరు పైపొర రోడ్డు కరుకు గులకల మీదుగా జారుతుంది. ఆ గులకలు రబ్బరును సెకనుకు పది వేల నుంచి పది లక్షల సార్ల దాకా కుదుపుతాయి. ప్రయోగశాలలోని మామూలు యంత్రం అంత వేగంగా ఊపలేదు. అందుకని నమూనాను 0 డిగ్రీల దాకా చల్లబరిచి, సెకనుకు 10 సార్లే ఊపి, రబ్బరు ఎంత శక్తిని మింగుతుందో చూస్తారు. ఆ సంఖ్య ఎక్కువగా ఉంటే తడి రోడ్డు మీద పట్టు బాగుంటుందని లెక్క. చక్రం తిరుగుడు దీనికి వేరే వ్యవహారం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు చక్రం సెకనుకు పద్నాలుగు పదిహేను సార్లు తిరుగుతుంది, ఆ వేగాన్ని యంత్రం నేరుగా అందుకోగలదు. అందుకే ఇంధనం వృథాను తెలుసుకోవడానికి టైరు నిజంగా వేడెక్కే 60 డిగ్రీల దగ్గరే కొలుస్తారు, అక్కడ ఆ సంఖ్య తక్కువగా ఉండాలి. ఒకే సంఖ్య 0 డిగ్రీల దగ్గర ఎక్కువగానూ 60 దగ్గర తక్కువగానూ ఉండే రబ్బరు మిశ్రమం కోసమే ఆ రంగంలో ఇంత పోటీ.

ఇక తప్పులెక్కడ జరుగుతాయో చూద్దాం. మాస్టర్ కర్వ్ చూడడానికి నున్నగా ఉంటుంది, కానీ దాని నిజమంతా అతుకుల దగ్గరే ఉంటుంది.

మొదటిది వేడి కొలతలో పొరపాటు. పాలీఐసోబ్యూటిలీన్‌కు 25 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ తేడా వస్తే కాలంలో 10 శాతం తప్పు వస్తుంది. మైనస్ 60 దగ్గర అదే ఒక డిగ్రీకి 35 శాతం తప్పు. వేడి కొలిచే తీగ నమూనాకు ఆనుకోకుండా కాస్త దూరంగా గాలిలో ఉన్నా, నమూనా మధ్యభాగం ఇంకా చల్లబడకుండానే కొలత మొదలైనా ఇంత తేడా వచ్చేస్తుంది. పైగా ఒక్కో ముక్కనూ పక్కదానికి అతికిస్తాం కనుక తప్పులు కూడుకుంటాయి. ఎనిమిది అతుకుల్లో ప్రతిదీ ఒకే వైపు డెకేడ్‌లో పదో వంతు తప్పితే, చివరి ముక్క కాలం ఆరు రెట్లు తప్పుతుంది. గీత మాత్రం నున్నగానే కనిపిస్తుంది.

రెండోది యంత్రం తనది కలిపేయడం. గాజు దశలో నమూనా చాలా గట్టిది. దాన్ని వంచబోతే యంత్రం చట్రమూ, పట్టుకున్న బిగింపులూ కూడా కొద్దిగా వంగుతాయి. ఆ వంపునంతా నమూనా వంపుగానే లెక్కిస్తే మాడ్యులస్ తక్కువగా వస్తుంది, గీత పై అంచు చదునుగా తెగిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. అదే పదార్థం పొడవు, మందం మార్చి ఇంకో పట్టీ కొలవాలి. మాడ్యులస్ పదార్థానిది కనుక రెండింటికీ ఒకటే రావాలి. తేడా వస్తే అది యంత్రం చేసిన పని.

మూడోది నిలువు సవరణ. రబ్బరు దశలో గట్టిదనం వేడితో, సాంద్రతతో కూడా నేరుగా మారుతుంది. మైనస్ 60 నుంచి 25కు వచ్చేసరికి ఈ ఒక్క కారణం వల్లే మూడో వంతు తేడా వస్తుంది. పక్కకు జరిపే ముందే దాన్ని పైకీ కిందికీ కొద్దిగా సరిచేయాలి. ఈ సవరణ రబ్బరు దశకే వర్తిస్తుంది, గాజు దశకు కాదు. కొంతమంది ప్రతి ముక్కనూ కంటికి నచ్చినంత పైకీ కిందికీ కూడా జరిపేస్తారు. అలా స్వేచ్ఛ తీసుకుంటే దేన్నైనా దేనికైనా అతికించవచ్చు, కాబట్టి ఆ అతుకు ఏమీ రుజువు చేయదు. నిలువు సవరణ లెక్కలోంచి రావాలి, చేతిలోంచి కాదు.

అతుకు సరైనదో కాదో తెలుసుకునే గట్టి పరీక్ష వేరే ఉంది. మాడ్యులస్ గీత చదునుగా ఉన్న చోట ముక్కను ఎటు జరిపినా సరిపోయినట్టే ఉంటుంది, అక్కడ కన్ను మోసపోతుంది. ఊపి కొలిచినప్పుడు రెండు సంఖ్యలు దొరుకుతాయి: రబ్బరు తిరిగి ఇచ్చే శక్తి ఒకటి, మింగేసే శక్తి ఇంకొకటి. ఈ రెండింటి నిష్పత్తిని టాన్ డెల్టా అంటారు. దాని గీతలో మిట్టపల్లాలుంటాయి కనుక జరుపు ఎంతో స్పష్టంగా తెలుస్తుంది. పైగా భాగించేటప్పుడు నిలువు సవరణ రద్దయిపోతుంది. మూడింటికీ ఒకే aT సరిపోతే నమ్మవచ్చు. మాడ్యులస్‌కు ఒక aT, టాన్ డెల్టాకు ఇంకొక aT కావాల్సి వస్తే ఆ పదార్థంలో అన్ని కదలికలూ కలిసి మారడం లేదన్నమాట.

పాలీఇథిలీన్ వంటి వాటిలో స్ఫటికాలు ఉంటాయి. వేడి పెరిగితే అవి కరుగుతూ, పదార్థం తన స్వరూపాన్నే మార్చుకుంటుంది. వాటి మీద ఈ పద్ధతిని ఎంతో జాగ్రత్తగా, ఇరుకు పరిధిలోనే వాడాలి. రెండు పాలిమర్లు కలిపిన మిశ్రమాల్లో ఒక్కోదానికీ ఒక్కో ఒరిపిడి. గాజు దశలో లోపల ఉన్న ప్లాస్టిక్కు తనంతట తానే నెమ్మదిగా బిగుసుకుంటూ ఉంటుంది కనుక, నిన్నటి ముక్కకూ నెల తర్వాతి ముక్కకూ పొంతన ఉండదు. వేడి చేస్తే రబ్బరు ఆక్సిజన్‌తో కలిసి పాడవడం కూడా వేగం పుంజుకుంటుంది. అది రసాయన మార్పు, దానికి వేరే వేగ నియమం ఉంటుంది, దాన్ని ఈ షిఫ్ట్ ఫ్యాక్టర్‌తో చెప్పలేం.

ఇవన్నీ అనుమానించదగిన పదార్థాలే. అసలు ఆశ్చర్యం అనుమానమే లేని వాటి దగ్గర వచ్చింది. పాలీస్టైరీన్‌లో స్ఫటికాలు లేవు, మిశ్రమం కాదు. డోనల్డ్ ప్లాజెక్ 1965లో దాన్ని చాలా పెద్ద కాల పరిధిలో కొలిచి చూశారు. గాజు దశకు దగ్గరైన వేడిలో, చిన్న ముక్కల కదలిక ఒక నిష్పత్తిలో నెమ్మదిస్తుంటే, గొలుసు మొత్తం జారడం ఇంకొక నిష్పత్తిలో నెమ్మదిస్తోందని తేలింది. మూడు డెకేడ్ల కిటికీలోంచి చూస్తే ఈ తేడా కనపడదు, ముక్కలు చక్కగా అతుకుతాయి. కిటికీ వెడల్పు పెరిగాకే గీతల ఆకారాలు కలవడం లేదని బయటపడింది. ఈ ఒక్క సంగతే ఈ పద్ధతి గురించి నాకు తెలిసినవాటిలో ముఖ్యమైనది. ఇరుకు కిటికీల్లోంచి తీసిన ముక్కలు నున్నగా అతికాయంటే, ఆ ముక్కల్లో పొంతన లేకపోవడం కనపడే చోటు లేదన్నది కూడా ఒక కారణం కావచ్చు.

1990ల్లో ప్లాజెక్, న్గాయ్ వంటి వాళ్లు పాలీఐసోబ్యూటిలీన్ వైపూ తిరిగారు. టొబోల్‌స్కీ, ఫెర్రీల ద్వారా ఈ పద్ధతికే ఆదర్శమైన పదార్థం అది. గాజు నుంచి రబ్బరుగా మారే ప్రాంతంలో దాని టాన్ డెల్టా గీతలను వేర్వేరు వేడుల దగ్గర పక్కపక్కన పెట్టి చూస్తే వాటి ఆకారమే మారుతోందని, అవి ఒకే గీత మీద కూర్చోవని చూపించారు. మాడ్యులస్ గీతల్లో అంతగా కనిపించని తేడా టాన్ డెల్టాలో తేటగా కనిపించింది.

అందుకే ఈ రంగంలో జాగ్రత్తగా పనిచేసేవాళ్లు ప్రచురించేటప్పుడు మాస్టర్ కర్వ్ ఒక్కదాన్నీ ఇవ్వరు. జరపని ముక్కలను విడిగా చూపిస్తారు. ఆధార ఉష్ణోగ్రత, ఒక్కో వేడికీ aT విలువ, నిలువు సవరణ ఎంత చేశారో పట్టికలో పెడతారు. సూత్రంలోని రెండు సంఖ్యలూ సరిగా వచ్చాయో లేదో చూడడానికి, వేడి తేడాను log aT తో భాగించి, దాన్ని వేడి తేడాకు ఎదురుగా గీస్తారు. ముక్కలు సరిగా అతికితే అది సరళరేఖ అవుతుంది. రేఖ ఎక్కడ వంగడం మొదలుపెడుతుందో ఆ వేడి దగ్గరే ఆగి, దానికి అవతలి ముక్కలను గీతలోంచి తీసేస్తారు.